రోజుకు వంద అయితే ఏడాదికి ఎంత?

*మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. మా ఆయన కొబ్బరికాయల ఒలుపుకి వెళ్తాడు. రోజుకి 800 వస్తాయి, నెలకి ఇరవై రెండు రోజులు పని ఉంటుంది. ఇంట్లో 11 వేలు ఇస్తాడు. రోజూ సాయంత్రం క్వార్టర్ పడాల్సిందే. అడిగితే "రోజుకి వంద రూపాయలు, నా రెక్కల కష్టం" అంటాడు. ఏటా అయ్యప్ప మాల వేస్తాడు, ఆ నలభై ఒక్క రోజులు మాత్రం ముట్టుకోడు. మాకు 40 వేలు అప్పుంది, మూడు రూపాయల వడ్డీ. అమ్మాయి పదో తరగతి. ఒక వారం ఆయన్నే అడిగి ఖర్చు రాశాను, కాగితం పంపుతున్నాను. నవ్వుతూనే చెప్పాడు, కానీ అంతా చెప్పాడో లేదో తెలీదు. ఏడాదికి నిజంగా ఎంత పోతోంది? ఆ డబ్బుతో మాకేం జరుగుతుంది?*

అమ్మా,

ముందు మీ కాగితం గురించే మాట్లాడుకుందాం. చాలామంది నెలకు ఇంత, ఏడాదికి ఇంత అని ఉజ్జాయింపుగా రాస్తారు. మీరు రోజు పక్కన సీసా ధర, దాని పక్కన స్టఫ్ ఖర్చు విడివిడిగా రాశారు. లెక్క తేలేది అలా రాస్తేనే.

సోమ, మంగళ, గురు, శుక్రవారాలు ఒకేలా ఉన్నాయి. వైన్ షాపులో 99 రూపాయల క్వార్టర్, పకోడీయో వేరుశనగ గుళ్లో, వాటర్ ప్యాకెట్టు, గ్లాసు, అన్నీ కలిపి 125. బుధవారం పని లేదు. ఊళ్లో బెల్టు షాపులో అదే సీసా 130, పైన ఇంకో పది. శనివారం బట్వాడా రోజు కాబట్టి తనకొకటి, స్నేహితుడికొకటి, స్టఫ్ కూడా కాస్త గట్టిగానే, మొత్తం 260. ఆదివారం మళ్లీ బెల్టు షాపులో రెండు సీసాలు, స్టఫ్‌తో 300. కూడితే వారానికి 1,200 రూపాయలు. రోజుకు నూట డెబ్బై పైమాటే.

మీ ఆయన "రోజుకు వంద" అన్నది అబద్ధం కాదు. ఆయన చెప్పింది సీసా మీద అచ్చేసిన ధర. 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చాక 99 రూపాయల క్వార్టర్ దొరుకుతోంది, అందరి నోటా వంద అనే మాటే నిలబడిపోయింది. ఆ మాటలో నాలుగు ఖర్చులు కనబడవు. ఒకటి స్టఫ్, మీ కాగితం ప్రకారం వారానికి 216. రెండోది స్నేహితుడి సీసా. మూడోది ఆదివారం రెండో సీసా. నాలుగోది బెల్టు షాపు వాడు పైన వేసుకునే 31 రూపాయలు. వారానికి మూడు సీసాలు అక్కడే కొంటున్నాడు కాబట్టి ఆ పైడబ్బే 93 రూపాయలు. మాల రోజులు తీసేసి చూసినా ఏడాదికి నాలుగు వేలు దాటుతుంది. అదే సరుకు, అదే సీసా. ఊళ్లో, ఇంటి దగ్గర, అరువు మీద దొరుకుతుందన్న ఒక్క సౌకర్యానికి నాలుగు వేలు. (బెల్టు షాపు చట్టవిరుద్ధం అని ఇద్దరికీ తెలుసు, అమ్మేవాడికీ కొనేవాడికీ. అందుకే ధర ఎంత చెబితే అంత.)

స్నేహితుడి సీసా దగ్గర మాత్రం కొంచెం ఆగండి. ఈ శనివారం మీ ఆయన పోయించాడు, వచ్చే శనివారం ఆ స్నేహితుడు పోయిస్తాడేమో. కలిసి తాగేవాళ్ల మధ్య వంతులు నడుస్తుంటాయి. అలా అయితే మీరు రాసింది ఆయన వంతు వచ్చిన వారం, లెక్క కాస్త ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి ఇలాగే నాలుగు వారాలు రాయండి. జేబులోంచి పోయిన డబ్బే రాయాలి, ఇంకొకరు పోయించింది రాయకూడదు. కోడి కూర వండి అందరూ తింటే అది ఇంటి ఖర్చు, మందు లెక్కలో వేయకండి. బీడీలూ వేయకండి. సంక్రాంతికి బరిలో పోయిన పందెం డబ్బు కూడా వేరే లెక్క. ఒక్కటి తప్పుగా కలిపినా ఆయన దాన్నే పట్టుకుని మిగతా లెక్కంతా కొట్టేస్తాడు.

ఇప్పుడు ఏడాదికి వద్దాం. 1,200ని 52తో గుణిస్తే 62,400. కానీ మాల వేసుకున్న నలభై ఒక్క రోజులు, అంటే దాదాపు ఆరు వారాలు, ఆయన ముట్టుకోడన్నారు. 46 వారాలకే లెక్క వేస్తే 55,200. భోగి, సంక్రాంతి, కనుమ, ప్రభల తీర్థం, ఊరి అమ్మవారి జాతర, నాలుగు పెళ్లిళ్లు, వీటి ఖర్చు మీరు రాయలేదు. మామూలు రోజుల మీద ఎక్కువయ్యేది నాలుగైదు వేలు ఉంటుందని నేను వేస్తున్నాను, పోయిన సంక్రాంతి గుర్తు చేసుకుని మీరు సరిచేసుకోండి. మొత్తం మీద ఏడాదికి 60 వేలకు అటూ ఇటూ. ఆయన చెప్పే వందతో, మాల రోజులు తీసేసి లెక్కేస్తే 32 వేల పైచిలుకు. తేడా దాదాపు రెట్టింపు.

ఆయన అంతా చెప్పాడా లేదా అన్నది మీ అనుమానం కదా. దానికి ఇంకో వైపు నుంచి రావాలి. తాగింది లెక్కపెట్టకుండా వచ్చినదాంట్లోంచి ఇచ్చింది తీసి చూడండి. రోజుకు 800 చొప్పున ఇరవై రెండు రోజులకు 17,600. ఇంట్లో ఇచ్చేది 11 వేలు పోతే ఆయన చేతిలో 6,600 ఉంటాయి. బండి పెట్రోలుకు 700, బీడీలకు 500 అనుకుందాం. మిగిలింది 5,400. మీ కాగితంలో ఉన్న వారానికి 1,200ని నెలకు మారిస్తే 5,200 వస్తుంది. రెండు వైపుల నుంచి వచ్చిన అంకెల మధ్య తేడా రెండు వందలే. మీ ఆయన నవ్వుతూ చెప్పినా నిజమే చెప్పాడమ్మా. ఇది చిన్న విషయం కాదు. లెక్క దాచని మనిషితో కూర్చుని మాట్లాడవచ్చు.

ఈ రెండు అంకెలూ కలవని ఇళ్లు కూడా ఉంటాయి. తాగినది ఎక్కువగానూ చేతిలో మిగలాల్సింది తక్కువగానూ తేలితే, అరువు ఉందని అర్థం. బెల్టు షాపులో ఖాతా పుస్తకం ఉండవచ్చు, లేదా కొబ్బరి కళ్లం యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉండవచ్చు. అడ్వాన్సు ఉంటే శనివారం బట్వాడాలో కోత పడుతుంది, ఇంటికి మాత్రం "ఈ వారం పని తక్కువ" అనే మాట వస్తుంది. మీరు "చేతికెంత వచ్చింది" అని అడగకండి, "ఎన్ని రోజులు ఒలిచావు" అని అడగండి. రోజులు తెలిస్తే రావాల్సింది మీరే కట్టుకోవచ్చు. మీ విషయంలో బుధవారం సీసా అరువా నగదా అన్నది మాత్రం కనుక్కోండి.

అదే బుధవారం గురించి ఇంకో ప్రశ్న. ఆ రోజు పని లేకనా, లేవలేకనా? గునపం ముందు నిలబడి రోజంతా కాయలు ఒలవాలంటే భుజాలూ నడుమూ సహకరించాలి. ముందు రాత్రి ఎక్కువైతే ఆ పని కుదరదు. లేవలేక మానేసిన రోజులు నెలకు రెండు ఉన్నాయనుకుంటే 1,600, మాల రోజులు తీసేసినా ఏడాదికి పదహారు, పదిహేడు వేలు. అయితే దీన్ని 60 వేలకు కలపకండి. 60 వేలు వచ్చి పోయిన డబ్బు, ఇది అసలు రాని డబ్బు. వేరే కాగితం మీద రాసుకోండి. వానలకు, కాయ లేక, దింపు ఆలస్యమై పోయిన రోజులను ఇందులో వేస్తే అన్యాయం. ఆయన కూడా ఊరుకోడు.

ఇక ఆ డబ్బుతో ఏం జరుగుతుందన్న ప్రశ్న. 60 వేలు మొత్తం చేతికొస్తుందని ప్లాన్ వేయకండి. ఆయన రేపే మానేస్తాడని నమ్మి వేసిన లెక్క రెండో వారానికే తప్పిపోతుంది, ఆ తర్వాత లెక్క మాట ఎత్తితేనే విసుగు. సగంతో వేయండి. శనివారం స్నేహితుడి సీసా, ఆదివారం రెండో సీసా, బెల్టు షాపు దారి, వారంలో రెండు మూడు సాయంత్రాలు తగ్గితే సగం వచ్చేస్తుంది. నెలకు 2,500 అనుకుందాం.

ఈ 2,500 ముందు పోవాల్సింది అమ్మాయి చదువుకు కాదు, అప్పుకు. మూడు రూపాయల వడ్డీ అంటే 40 వేలకు నెలకు 1,200, ఏడాదికి 14,400. అసలు ఒక్క రూపాయి తగ్గకుండానే అంత పోతోంది. ఏ బ్యాంకులో దాచినా, ఏ పోస్టాఫీసులో వేసినా ఏడాదికి నూటికి ముప్పై ఆరు ఎవరూ ఇవ్వరు. అలాంటప్పుడు ఒకవైపు దాస్తూ ఇంకోవైపు ఈ వడ్డీ కట్టడం నష్టం.

అప్పిచ్చినవాళ్లు నెలకు రెండున్నర వేలు అసలు కింద సాధారణంగా తీసుకోరు. "ఒకేసారి తెండి" అంటారు. కాబట్టి నాలుగు నెలలు మీ పొదుపు ఖాతాలో వేసి, పది వేలు కాగానే పట్టుకెళ్లండి. అసలు కింద జమ చేసుకోమని గట్టిగా చెప్పండి. ప్రామిసరీ నోటు వెనక తారీఖు వేసి చెల్లు రాయించి సంతకం పెట్టించండి, ఫోన్లో ఫోటో తీసుకోండి. చెల్లు రాయకపోతే ఆ పది వేలు వడ్డీ కింద కరిగిపోయినా అడిగే దారి ఉండదు. మొదటి పది వేలు కట్టాక నెల వడ్డీ 900 అవుతుంది, తర్వాత 600, తర్వాత 300. ఇలా పదహారు నెలల్లో అప్పు తీరుతుంది. తగ్గిన వడ్డీ డబ్బును కూడా ఆ ఖాతాలోనే వేస్తూ పోతే రెండు నెలలు ముందే తీరుతుంది.

ఇక్కడ మందుతో సంబంధం లేని మాట ఒకటి చెప్పాలి. మీరు డ్వాక్రా సంఘంలో ఉన్నారా? రాయలేదు. ఉంటే సంఘం ద్వారా వచ్చే బ్యాంకు లోను వడ్డీ నెలకు రూపాయి దాటదు. ఆ లోనుతో ఈ 40 వేలు తీర్చేస్తే నెలకు 1,200 కట్టేచోట 400 దగ్గర ఆగుతుంది. మీ ఆయన ఒక్క చుక్క తగ్గించకపోయినా నెలకు 800 మిగులుతాయి. ఇంటి కష్టాలన్నిటికీ మందే కారణమన్నట్టు మాట్లాడితే ఆయనకు కోపం వస్తుంది, అందులో కొంత న్యాయం ఉంది కూడా. మూడు రూపాయల అప్పు మీ ఇద్దరిదీ. ఈ నెల సంఘం మీటింగులో అడగండి. వాయిదా మాత్రం తప్పకూడదు, సంఘంలో మీ పేరు పోతే మళ్లీ అప్పు పుట్టదు.

అమ్మాయి విషయం. పదో తరగతి కాబట్టి సుకన్య సమృద్ధి ఖాతా గురించి ఎవరైనా చెబితే వదిలేయండి, పదేళ్లు నిండాక అది తెరవనివ్వరు. ఇంటర్ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో అయితే ఫీజు పెద్ద బరువు కాదు, బస్సు ఖర్చులూ పుస్తకాలూ చూసుకోవాలి. ప్రైవేటు హాస్టల్ కాలేజీ అయితే మాత్రం ఈ సగం డబ్బు దాని ముందు నిలవదు. ఆ నిర్ణయం ఇప్పుడే మాట్లాడుకోండి, జూన్‌లో ఫీజు కోసం మళ్లీ మూడు రూపాయలకు వెళ్తే ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా వృథా. తల్లికి వందనం డబ్బు పడితే దాన్ని చదువుకే ఉంచండి, ఈ లెక్కలో కలపకండి.

అప్పు తీరిన నెల నుంచి అదే 2,500 పోస్టాఫీసు ఆర్డీలో వేస్తే, ఇప్పుడున్న 6.7 శాతం వడ్డీతో ఐదేళ్లకు లక్షా 78 వేలు దాటి వస్తుంది. మీరు కట్టేది లక్షన్నర. ఖాతా తెరిచిన రోజు ఉన్న వడ్డీయే ఐదేళ్లూ ఉంటుంది. అప్పటికి అమ్మాయి డిగ్రీ పూర్తి చేసే వయసులో ఉంటుంది. మీరు అప్పటిదాకా కట్టిన వడ్డీ 1,200 కూడా కలుపుకుని 3,700 వేయగలిగితే ఇంకా మంచిదే. కానీ వేయగలిగినదానికే ఖాతా తెరవండి, ఆర్డీ వాయిదా తప్పితే అపరాధ రుసుము పడుతుంది.

తగ్గిన డబ్బు దానంతట అది మిగలదమ్మా. పోయిన ఏడాది మాల రోజుల సంగతి ఆయన్నే అడగండి. ఆరు వారాలు, వారానికి 1,200, అంటే 7,200 జేబులో ఉండాలి. ఏదీ? శబరిమల ప్రయాణానికి కొంత, పడిపూజకు కొంత పోయి ఉంటుంది. మిగతాది ఎటు పోయిందో ఇద్దరికీ గుర్తుండదు. సాయంత్రం చేతికొచ్చిన డబ్బు ఆ సాయంత్రమే వేరుపడకపోతే ఏదో ఒక దారిన వెళ్లిపోతుంది. మీ ఇంట్లో వేరుపడాల్సిన రోజు శనివారం. బట్వాడా తీసుకుని నేరుగా ఇంటికొచ్చి 600 మీ చేతిలో పెట్టడం, లేదా కళ్లం దగ్గర నిలబడే ఫోన్లో మీ ఖాతాకు పంపడం. వైన్ షాపు దాటాక కాదు, దాటకముందు. ఈ ఒక్క ఏర్పాటుకు ఆయన ఒప్పుకుంటే మిగతా ఆరు రోజులు మీరు వెంటపడి అడగాల్సిన పని ఉండదు.

కాగితం చూపించే వేళ కూడా చూసుకోండి. శనివారం రాత్రి వద్దు, తాగి వచ్చినప్పుడు అసలే వద్దు. ఆదివారం పొద్దున్నే టీ తాగుతున్నప్పుడు కూర్చోండి. 60 వేలు అన్న అంకెతో మొదలుపెట్టకండి. ఆయన వందతోనే మొదలుపెట్టి, కలం ఆయన చేతికే ఇచ్చి, స్టఫ్ ఎంత, శనివారం ఎంత, బెల్టు షాపులో ఎంత అని ఆయనచేతనే వేయించండి. మొత్తం ఆయన చేతిరాతలో ఉండాలి. పక్కన అప్పు 40 వేలు, వడ్డీ 14,400 అని మీరు రాయండి. అమ్మాయిని ఆ మాటల్లోకి లాగకండి. ఒకవేళ లెక్క మాట ఎత్తితే చెయ్యి లేచే పరిస్థితి ఉంటే ఈ పని మీరొక్కరే చేయవద్దు, 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

చివరిగా ఒక జాగ్రత్త. మాల వేసిన మొదటి రెండు మూడు రోజుల్లో ఆయన ఎలా ఉంటాడో గుర్తు తెచ్చుకోండి. పొద్దున్నే చేతులు వణకడం, ఒళ్లంతా చెమటలు, నిద్ర పట్టకపోవడం, లేనివి ఉన్నట్టు కనబడటం, ఫిట్స్ రావడం, వీటిలో ఏది ఎప్పుడు జరిగినా ఉన్నట్టుండి మానిపించడం ప్రమాదం. రోజూ తాగే ఒంటికి ఒక్కసారిగా ఆపితే ఇలా జరుగుతుంది, డాక్టరు మందులిచ్చి మెల్లగా మానిపిస్తారు. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనిషిని గుర్తుపట్టకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అలాంటివేమీ లేకుండా ఏటా హాయిగా మాల దాటుతున్నాడంటే తగ్గించే ప్రయత్నం తేలికే, అయినా సంవత్సరం సంవత్సరానికి తేడా వస్తుంది కాబట్టి మొదటి వారం కనిపెట్టి ఉండండి. సలహా కోసం మద్యం, డ్రగ్స్ మానిపించే హెల్ప్‌లైన్ 14446, టెలి మానస్ 14416, రెండూ ఉచితం. ఆయన మాట్లాడనంటే మీరైనా చేయవచ్చు.